ఐరిస్ పూలలో గుంపులెన్ని?

ముందుగా ఏ పేరూ తగిలించని డేటాను దగ్గరదనాన్ని బట్టి k గుంపులుగా విడదీసే పద్ధతి కె-మీన్స్. దీని గణన విధానాన్ని స్టువర్ట్ లాయిడ్ 1957లో బెల్ ల్యాబ్స్‌లో రూపొందించినా, అది పత్రికలో అచ్చయింది 1982లో. ఈలోగా 1967లో జేమ్స్ మాక్వీన్ దానికి ఈ పేరు పెట్టాడు.

మెషీన్ లెర్నింగ్ అసైన్‌మెంట్లలో దీన్ని తరచుగా ఐరిస్ డేటా మీదే రాయిస్తారు. అందులో మూడు జాతులకు చెందిన 150 పూలుంటాయి. ఒక్కో పువ్వుకు రక్షకపత్రం, ఆకర్షణపత్రం పొడవు వెడల్పులు, అంటే నాలుగు కొలతలు. ఏవైనా మూడు పూలను తొలి కేంద్రాలుగా తీసుకుని, కింది మూడు వరుసలను కేంద్రాలు కదలడం ఆగేదాకా తిప్పితే చాలు.

```python
d = ((X[:, None] - C[None])**2).sum(axis=2)
g = d.argmin(axis=1)
C = np.array([X[g == j].mean(axis=0) for j in range(k)])
```

మొదటి వరుస ప్రతి పువ్వుకూ ప్రతి కేంద్రానికీ మధ్య దూరపు వర్గాన్ని లెక్కిస్తుంది. రెండోది పువ్వును అతి దగ్గరి కేంద్రానికి అప్పగిస్తుంది. మూడోది ఒక్కో గుంపు సగటును కొత్త కేంద్రం చేస్తుంది.

చిక్కు మూడో వరుసలోనే ఉంది. ఏదైనా గుంపు ఖాళీ అయితే దాని సగటు `nan` అవుతుంది. `argmin` ఆ `nan`నే కనిష్ఠంగా ఎంచుకుంటుంది కాబట్టి మరుసటి చుట్టులో పూలన్నీ ఆ ఒక్క గుంపులోకే పోతాయి. ఖాళీ గుంపుకు ఏదో ఒక పువ్వును కొత్త కేంద్రంగా ఇస్తే సరిపోతుంది.

ప్రతి పువ్వుకూ దాని కేంద్రానికీ మధ్య దూరపు వర్గాలన్నీ కూడితే వచ్చేది ఇనర్షియా. ఇది చుట్టు చుట్టుకూ తగ్గాలి, లేదా నిలకడగా ఉండాలి. పెరిగిందంటే కోడ్‌లో తప్పున్నట్టే. అయితే తగ్గి ఆగిన చోటు మంచిదేనన్న హామీ లేదు. k=3కు ఇనర్షియా సుమారు 79 దాకా దిగుతుంది కానీ, తొలి కేంద్రాలు సరిగా పడకపోతే 143 దగ్గరే ఆగిపోవచ్చు. అందుకే వేర్వేరు ఆరంభాలతో పలుమార్లు నడిపి, కనిష్ఠం వచ్చినదాన్ని ఉంచుకుంటారు.

k ఎంపికకు ఇనర్షియా ఒక్కటే చాలదు. k పెంచేకొద్దీ అది తగ్గుతూనే పోతుంది. 150 గుంపులు చేస్తే సున్నా. అందుకని తగ్గుదల ఎక్కడ మందగిస్తుందో చూస్తారు. ఐరిస్‌లో k=1కు 681, తర్వాత వరుసగా 152, 79, 57. వంపు రెండు దగ్గరా కనిపిస్తుంది, మూడు దగ్గరా కనిపిస్తుంది. ఇక సిల్హౌట్ స్కోరు ప్రతి పువ్వు తన గుంపుకు ఎంత దగ్గరో, పక్క గుంపుకు ఎంత దూరమో పోల్చి చూస్తుంది. దాని సగటు k=2కు 0.68, k=3కు 0.55. అంటే దాని ఓటు రెండుకే.

జాతులు మూడైనప్పుడు ఈ తీర్పు తప్పనిపించవచ్చు. కానీ సెటోసా మిగతావాటికి స్పష్టంగా దూరం. వెర్సికలర్, వర్జినికా కొలతలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోతాయి. k=3తో నడిపినా 14 వర్జినికా పూలు వెర్సికలర్ గుంపులోకి, 2 వెర్సికలర్ పూలు వర్జినికా గుంపులోకి చేరతాయి. కాబట్టి జాతులు మూడని ముందే తెలిసి k=3 తీసుకుంటే, ఆ సంఖ్య వృక్షశాస్త్రం నుంచి వచ్చిందని నివేదికలో రాయాలి. కొలతలను మాత్రమే నమ్ముకుంటే రెండు అనే జవాబుకే ఎక్కువ ఆధారముంది.