జీతమా, ఫీజా: టీడీఎస్ లెక్క మారేది ఎక్కడ

ఆదాయం అందుకునేవారి చేతికి చేరకముందే, ఇచ్చేవారే అందులోంచి పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేసే పద్ధతి టీడీఎస్. 1961 ఆదాయపు పన్ను చట్టంలో జీతానికి 192వ సెక్షన్, డాక్టర్లు, లాయర్లు, ఆడిటర్లు, ఆర్కిటెక్టుల వంటి వృత్తి నిపుణుల ఫీజుకు 194జె సెక్షన్ వర్తిస్తాయి. సీఏ, సీఎంఏ పరీక్షల్లో ఈ రెండింటి మీద చిన్న చిన్న లెక్కలు అడుగుతుంటారు. కూడికలు, హెచ్చవేతలు తప్పి మార్కులు పోయేది తక్కువే. ఒక సెక్షన్ పద్ధతిని రెండోదానికి వాడినప్పుడే ఎక్కువగా పోతాయి.

ఒక ఆసుపత్రి ఒక వైద్యుడికి నెలకు 1,25,000 రూపాయలు ఇస్తోందనుకుందాం. ఆయన ఉద్యోగి అయితే నెలకు 8,125 రూపాయలు కోయాలి. బయటి కన్సల్టెంటు అయితే 12,500 కోయాలి. మనిషి, పని, సొమ్ము ఒకటే అయినా కోత మాత్రం ఒకటిన్నర రెట్లు పెరిగింది. అందుకే లెక్క మొదలుపెట్టేముందు ప్రశ్నలో ఆ ఇద్దరి సంబంధం ఎలాంటిదో చూసుకోవాలి. నియామక పత్రం, సెలవులు, పీఎఫ్, ఆసుపత్రి నిర్ణయించే పనివేళలు కనిపిస్తే అది ఉద్యోగం. సేవకు తగ్గట్టు బిల్లు ఇచ్చి, ఇతర ఆసుపత్రుల్లోనూ స్వేచ్ఛగా ప్రాక్టీసు చేసుకునే వ్యక్తికి ఇచ్చేది ఫీజు. ప్రతి నెలా ఒకే మొత్తం ఇస్తున్నారన్న ఒక్క కారణంతో దాన్ని జీతం అనుకోకూడదు.

ముందుగా జీతం సంగతి. 192వ సెక్షన్‌లో స్థిరమైన రేటు లేదు. ఉద్యోగికి ఆ ఆర్థిక సంవత్సరం మొత్తం మీద ఎంత జీతం వస్తుందో యజమాని ముందే అంచనా వేసి, దానిపై పడే పన్నును నెలలకు పంచుకుంటూ పోవాలి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త పన్ను విధానం ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకు ఒక మెట్టు చొప్పున 5, 10, 15, 20, 25 శాతం పడుతుంది. 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం. స్టాండర్డ్ డిడక్షన్ 75,000. పాత విధానం కావాలని ఉద్యోగి యజమానికి తెలియజేయకపోతే కొత్త విధానంలోనే కోయాలి కాబట్టి, ప్రశ్నలో ఆ మాట లేకుంటే 80సి మినహాయింపుల జోలికి వెళ్లనక్కర్లేదు.

వైద్యుడు ఉద్యోగి అయితే ఏడాది జీతం 15,00,000. స్టాండర్డ్ డిడక్షన్ పోను 14,25,000 మిగులుతుంది. రెండో 4 లక్షల మీద 20,000, మూడో 4 లక్షల మీద 40,000, మిగిలిన 2,25,000 మీద 15 శాతం చొప్పున 33,750 కలిపితే పన్ను 93,750. దానిపై 4 శాతం సెస్ 3,750 చేరితే 97,500. పన్నెండు నెలలకు భాగిస్తే నెలకు 8,125. జీతం విషయంలో సెస్ కలపడం తప్పనిసరి. దాన్ని మరిచిపోయి 93,750ని భాగించేసినవారి జవాబు 7,812 రూపాయల దగ్గర ఆగుతుంది.

అంచనా అన్నాక మారుతుంది. నవంబరు జీతంతోపాటు ఆసుపత్రి 2,00,000 బోనస్ ఇచ్చిందనుకుందాం. చాలామంది బోనస్‌ను విడిగా పట్టుకుని దాని మీద ఒక శాతం వేసేస్తారు. చట్టం చెప్పేది అలా కాదు. ఏడాది అంచనానే మళ్లీ వేసుకోవాలి. జీతం, బోనస్ కలిపి 17,00,000 అయింది. స్టాండర్డ్ డిడక్షన్ పోతే 16,25,000. 12 నుంచి 16 లక్షల మెట్టు మీద 60,000, చివరి 25,000 మీద 20 శాతం అంటే 5,000, కింది మెట్ల మీద 60,000. మొత్తం 1,25,000 కాగా సెస్‌తో 1,30,000. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడు నెలల్లో కోసింది 56,875. ఇంకా రావలసిన 73,125ను మిగిలిన ఐదు నెలలకు పంచితే నెలకు 14,625. కోత ఎక్కువైనా తక్కువైనా ఆ సంవత్సరంలోనే తర్వాతి నెలల్లో సర్దుకునే వీలును 192(3) యజమానికి ఇస్తోంది.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే ఇదే సూత్రం ఇంకా పదునుగా పనిచేస్తుంది. ఒక ఉద్యోగి మొదటి ఆరు నెలలు నెలకు 1,00,000 జీతానికి, తర్వాతి ఆరు నెలలు మరో సంస్థలో 1,50,000 జీతానికి పనిచేశాడు. మొదటి సంస్థ ఏడాదికి 12,00,000 అంచనా వేసి, స్టాండర్డ్ డిడక్షన్ తీసేసి 11,25,000 దగ్గర ఆగింది. కొత్త విధానంలో మొత్తం ఆదాయం 12 లక్షలు దాటకపోతే 87ఏ రిబేటు వల్ల పన్ను ఉండదు కాబట్టి ఏమీ కోయలేదు. రెండో సంస్థ తాను ఇచ్చే 9,00,000నే చూసుకుంటే అక్కడా పన్ను సున్నాయే. కానీ రెండు జీతాలూ కలిస్తే 15,00,000. దానిపై పన్ను 97,500 అని పైన చూశాం. పాత జీతం వివరాలు ఉద్యోగి కొత్త యజమానికి రాసి ఇస్తే, 192(2) ప్రకారం ఆ సంస్థ రెండింటినీ కలిపి మిగిలిన ఆరు నెలల్లో నెలకు 16,250 కోస్తుంది. ఇవ్వకపోతే రిటర్ను వేసే రోజున ఆ భారమంతా వడ్డీతో సహా ఉద్యోగి మీదే పడుతుంది. కాబట్టి వివరాలు ఇచ్చినట్టు ప్రశ్నలో ఉందా లేదా అన్న ఒక్క వాక్యం మీదే జవాబు ఆధారపడుతుంది.

194జె స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ అందుకునేవారి మొత్తం ఆదాయం ఎంతో, ఏ మెట్టులో ఉన్నారో ఇచ్చేవారికి అవసరం లేదు. స్వదేశంలో నివసించే నిపుణుడికిచ్చే వృత్తి ఫీజుకు 10 శాతం, సాంకేతిక సేవల ఫీజుకు 2 శాతం. సెస్ కలపరు. కన్సల్టెంటు వైద్యుడి 1,25,000 మీద సూటిగా 12,500 వచ్చింది ఇందుకే.

ఈ సెక్షన్‌లో తిరకాసంతా పరిమితి దగ్గరే ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిమితి 30,000 నుంచి 50,000కు పెరిగింది. అది ఒక్కో బిల్లుకు కాదు, ఒక నిపుణుడికి ఏడాది మొత్తంలో ఇచ్చేదానికి. ఒక కంపెనీ ఒక ఆర్కిటెక్టుకు జూన్‌లో 20,000, సెప్టెంబరులో 25,000, డిసెంబరులో 30,000 ఇచ్చింది. ముందుగా కుదుర్చుకున్న మొత్తమేమీ లేదు. సెప్టెంబరు దాకా 45,000 మాత్రమే కాబట్టి కోత లేదు. డిసెంబరులో మొత్తం 75,000కు చేరి పరిమితి దాటింది. అప్పుడు కోయవలసింది 7,500. చివరి బిల్లు 30,000 మీద 3,000 అని, దాటిన 25,000 మీద 2,500 అని రాసేవారు ఎక్కువ. ఈ పరిమితి పన్ను శ్లాబు లాంటిది కాదు. దాటనంత వరకు ఏమీ లేదు, దాటితే మొదటి రూపాయి నుంచీ కోత పడుతుంది. డిసెంబరులో ఆర్కిటెక్టు చేతికి అందేది 22,500. ఆయన పాన్ ఇవ్వకపోతే 206ఏఏ ప్రకారం రేటు 20 శాతానికి పెరిగి కోత 15,000 అవుతుంది.

ఇదే ప్రశ్నలో ఒక మాట మారితే జవాబు మారుతుంది. ఆ ఏడాదిలో 75,000 ఇస్తామని ఒప్పందం ముందే ఉంటే, జూన్‌లోనే 2,000 కోయాలి. ఎందుకంటే చట్టం ఇచ్చిన మొత్తంతోపాటు ఇవ్వబోయే మొత్తాన్ని కూడా లెక్కలోకి తీసుకోమంటుంది. సరిగ్గా 50,000 ఇస్తే మాత్రం కోత లేదు, అంతకు మించాలి. వృత్తి ఫీజుకు, సాంకేతిక ఫీజుకు పరిమితి దేనికది విడిగా ఉంటుంది. ఒకే వ్యక్తికి మొదటి పద్దులో 40,000, రెండో పద్దులో 45,000 ఇచ్చినా కోత పడదు. కంపెనీ డైరెక్టరుకు జీతం కాకుండా ఇచ్చే సిట్టింగ్ ఫీజుకు అసలు పరిమితే లేదు. 5,000 ఇచ్చినా 500 కోయాలి.

బిల్లులో జీఎస్టీని విడిగా చూపితే ఆ భాగాన్ని వదిలేయాలి. 1,00,000 ఫీజు, 18,000 జీఎస్టీ ఉన్న బిల్లుకు కోత 10,000, నిపుణుడికి చెల్లించేది 1,08,000. కోయవలసిందెవరో కూడా చూడాలి. ఒక డాక్టరు తన క్లినిక్ ఆడిటరుకు 80,000 ఇచ్చారు. కిందటి ఏడాది ఆయన వృత్తి రాబడి 50 లక్షలు దాటి ఉంటేనే 8,000 కోయాలి. లేకపోతే ఆ బాధ్యత లేదు. సొంత ఇంటి నమూనా గీసిన ఆర్కిటెక్టుకు ఇచ్చిన ఫీజు వ్యక్తిగతం కాబట్టి, రాబడి ఎంతున్నా 194జె కింద కోత ఉండదు.

ఎప్పుడు కోయాలన్న దగ్గర రెండు సెక్షన్లు మళ్లీ విడిపోతాయి. జీతంలో కోత చెల్లించే రోజునే. ఫీజులో అయితే పుస్తకాల్లో జమ రాసిన రోజు, చెల్లించిన రోజు, ఈ రెండింటిలో ముందు వచ్చినది. ఒక కంపెనీ 2,00,000 ఫీజును 2025 డిసెంబరు 1న నిపుణుడి ఖాతాకు జమ రాసి, కోత మాత్రం 2026 ఫిబ్రవరి 10న చెల్లించేటప్పుడు చేసి, ప్రభుత్వానికి మార్చి 18న కట్టింది. జమ రాసినప్పుడే 20,000 కోసి జనవరి 7లోగా కట్టి ఉండాల్సింది. 201(1ఏ) కింద వడ్డీ రెండు విడతలుగా పడుతుంది. కోయవలసిన రోజు నుంచి కోసిన రోజు దాకా నెలకు 1 శాతం, కోసిన రోజు నుంచి కట్టిన రోజు దాకా నెలకు 1.5 శాతం. నెలలో కొంత భాగమున్నా పూర్తి నెలే. మొదటి విడత మూడు నెలలకు 600, రెండో విడత రెండు నెలలకు మరో 600, మొత్తం వడ్డీ 1,200. అదే కంపెనీ అసలు కోయకుండా, రిటర్ను గడువు లోపు కట్టకుండా వదిలేసి ఉంటే, 40(ఏ)(ఐఏ) ప్రకారం ఆ ఫీజులో 30 శాతం, అంటే 60,000 రూపాయలు, ఆ ఏడాది వ్యాపార ఖర్చుగా చెల్లకుండా పోయేవి.