నూట అరవై క్రెడిట్ల లెక్క

బీటెక్ డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు కావాలి? ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం 160. వారానికి ఒక గంట క్లాసు సెమిస్టరంతా జరిగితే ఒక క్రెడిట్. ల్యాబ్‌లోనైతే ఒక క్రెడిట్‌కు రెండు గంటలు గడపాలి.

సివిల్ ఇంజినీరింగ్‌లో చేరిన విద్యార్థినే తీసుకుందాం. గణితం, సైన్సు, ఇంజినీరింగ్ పునాదులు, మానవీయ శాస్త్రాలు కలిపి 61 క్రెడిట్లు. స్ట్రక్చర్లు, నేల స్వభావం వంటి కోర్ సబ్జెక్టులకు 48. ఇవి తప్పనిసరి. ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్‌లకు 15. మిగిలిన 36లోనే ఎంపిక ఉంటుంది.

అందులో 18 ప్రొఫెషనల్ ఎలెక్టివ్‌లవి. ఇవి సొంత శాఖలోనే లోతుకు తీసుకెళ్తాయి. వంతెనలంటే ఇష్టమైనవారు ఆ వైపు, నీటిపారుదలంటే ఇష్టమైనవారు ఈ వైపు వెళ్లవచ్చు. మిగతా 18 ఓపెన్ ఎలెక్టివ్‌లవి. మూడేసి క్రెడిట్ల చొప్పున ఆరు సబ్జెక్టులు వేరే శాఖల నుంచి తీసుకోవచ్చు. సివిల్ విద్యార్థి డేటాబేస్‌లు చదవగలిగేది ఇక్కడే.

చాలామంది పొరబడేది మొత్తం దగ్గర. ఓపెన్ ఎలెక్టివ్‌లు ఎక్కువ చేసి 160 దాటినా, కోర్‌లో మూడు క్రెడిట్లు తగ్గితే డిగ్రీ రాదు. ఒక గడిలో మిగులు మరో గడిలో లోటును పూడ్చదు. అందుకే ప్రతి సెమిస్టరు రిజిస్ట్రేషన్‌కు ముందు, మార్కుల మెమోల్లోని క్రెడిట్లను గడుల వారీగా కూడి, తమ యూనివర్సిటీ నిబంధనలతో సరిచూసుకోవాలి. అంకెలు యూనివర్సిటీని బట్టి కొంత మారతాయి.