దత్తత వెళ్లిన పాప పేరు ఏ కాగితంలో ముందు మారాలి?

మూడో తరగతి చదువుతున్న ఒక పాపను సొంత పిన్ని, బాబాయి దత్తత తీసుకున్నారనుకుందాం. బడి రిజిస్టరులో ఆమె పేరు ముందు ‘కె’ ఉంది. ఇక నుంచి ‘జి’ కావాలి, తల్లిదండ్రుల పేర్లూ మారాలి. చాలామంది ముందు బడికే వెళతారు, లేదంటే ఆధార్ సెంటర్‌కు. ఇద్దరూ అడిగేది ఒకటే: ఆధారం ఏది? ఒక కాగితం మారితేనే రెండోది మారుతుంది కాబట్టి, వరుస తప్పితే తిరుగుడే మిగులుతుంది.

ఆ వరుసకు మొదలు దత్తత పత్రం. హిందూ దత్తత, మనోవర్తి చట్టం (1956) ప్రకారం బిడ్డను ఇచ్చేవారు, తీసుకునేవారు ఇద్దరూ సంతకం చేసి రిజిస్టర్ చేయించిన పత్రం ఉంటే, దత్తత చట్టబద్ధంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదనేవారే రుజువు చూపాలి. 16వ సెక్షన్ చెప్పేది ఇదే. అయితే దత్తతకు కొన్ని షరతులున్నాయి. మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. ఆడపిల్లను తీసుకునే దంపతులకు అప్పటికే కూతురు గానీ, కొడుకు కూతురు గానీ ఉండకూడదు. బాబాయి ఆ పాప కంటే కనీసం 21 ఏళ్లు పెద్దవాడై ఉండాలి. కన్నతల్లిదండ్రులు బతికి ఉండగా తాతయ్య పాపను దత్తత ఇవ్వలేడు. వాళ్లిద్దరూ లేకపోతే, కోర్టు అనుమతితో సంరక్షకుడు ఇవ్వవచ్చు. శిశుగృహాల నుంచి తెచ్చుకున్న పిల్లలది వేరే దారి. 2022 సెప్టెంబరు నుంచి వారి దత్తత ఉత్తర్వును జిల్లా కలెక్టరే ఇస్తున్నారు.

పత్రం రాయించేటప్పుడే ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాప కొత్త పేరును తెలుగులోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయించాలి. పాత పేరు కూడా పక్కనే ఉండాలి. తర్వాతి ప్రతి కాగితంలోనూ అదే స్పెల్లింగ్ రావాలి. ఒకచోట ‘జి’ అనీ, ఇంకోచోట పూర్తి ఇంటిపేరు అనీ ఉంటే, బడి వివరాలు ఆధార్‌తో సరిపోలక అపార్ ఐడీ దగ్గర ఆగిపోతుంది.

రెండో మెట్టు జనన ధ్రువపత్రం. పాప ఇప్పుడుంటున్న ఊళ్లో కాదు, పుట్టుక నమోదైన మున్సిపాలిటీలో గానీ పంచాయతీలో గానీ అర్జీ పెట్టాలి. కొన్నిచోట్ల కోర్టు డిక్రీ తెమ్మంటారు. అప్పుడు రిజిస్టర్డ్ పత్రాన్నీ, 16వ సెక్షన్‌నూ చూపించి, కుదరదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. ఆ కాగితం చేతికొస్తే పై అధికారి దగ్గరకు వెళ్లడానికి పనికొస్తుంది.

కొత్త జనన ధ్రువపత్రం వచ్చాకే ఆధార్. అందులో పేరును మామూలుగా రెండుసార్లే మార్చుకోవచ్చు కాబట్టి తొందరపడి తప్పు స్పెల్లింగ్‌తో ఒక అవకాశం పోగొట్టుకోకూడదు. చివరగా బడి. పత్రం, జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లతో ప్రధానోపాధ్యాయుడికి అర్జీ ఇస్తే అడ్మిషన్ రిజిస్టరులోనూ, ఆన్‌లైన్ వివరాల్లోనూ సవరిస్తారు. టీసీ రాసేది ఆ రిజిస్టరు చూసే కాబట్టి, బడి మార్చకముందే ఈ పని పూర్తి కావాలి. ఎలా చూసినా పదో తరగతి నామినల్ రోల్ వెళ్లేలోపు తప్పనిసరి. మెమో అచ్చయ్యాక సవరణ ప్రభుత్వ పరీక్షల విభాగం దాకా వెళుతుంది.

సంరక్షకుడు మారడం మాత్రం దత్తత కాదు. 1890 నాటి సంరక్షకుల చట్టం కింద కోర్టు అమ్మమ్మను సంరక్షకురాలిగా నియమిస్తే, బడి రికార్డులో ఆమె పేరు ‘గార్డియన్’ గడిలోనే రావాలి. తండ్రి గడిలో కన్నతండ్రి పేరే ఉంటుంది. అక్కడ తాతయ్య పేరు రాయిస్తే, పాస్‌పోర్టు వేళ జనన ధ్రువపత్రం ఒకటి, బడి రికార్డు మరొకటి చెబుతాయి.

భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఒక తెలుగు కుటుంబం కేసులో, రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రిగా చూపమన్న హైకోర్టు ఆదేశాన్ని 2022 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు సహజ సంరక్షకురాలైన తల్లిదేనని చెప్పింది. అంటే ఇంటిపేరు మార్చడానికి తల్లి నిర్ణయం చాలు. రెండో భర్త పేరు తండ్రి గడిలోకి రావాలంటే మాత్రం దత్తత జరగాలి.

దత్తతతో పేరూ, తల్లిదండ్రుల పేర్లూ మారతాయి గానీ పుట్టినతేదీ, పుట్టిన ఊరు మారవు. పనిలో పనిగా వయసు కూడా సరిచేయిద్దామని రెండూ ఒకే అర్జీలో కలిపితే, తేదీ మీద వచ్చే అనుమానంతో పేరు మార్పు కూడా ఆగిపోతుంది. తేదీలో నిజంగానే తప్పుంటే ఆసుపత్రి కాగితాలతో దానికి వేరే అర్జీ పెట్టాలి.