తెలియనిదాన్ని తెలియదని చెప్పడం: విలీనం వేళ ఒక మేనేజరు ప్రకటన

సంస్థ రూపం మారబోతోందని పైనుంచి కబురు వచ్చిన రోజున కింది స్థాయి మేనేజరు చేతిలో ఉండే సమాచారం చాలా తక్కువ. రెండు విభాగాలు ఒకటవుతాయనో, సంస్థ మరో సంస్థలో కలుస్తుందనో తెలుస్తుంది. ఎవరు ఎక్కడికి వెళ్తారు, ఎవరి పోస్టు ఉంటుంది, ఎవరు ఎవరి కింద పనిచేయాలి అన్నది ఆయనకూ తెలియదు. అయినా ఆ ఒకటి రెండు రోజుల్లో సిబ్బందిని కూర్చోబెట్టి మాట్లాడాల్సింది ఆయనే. ఆయన మాట్లాడకపోతే వాట్సాప్‌లో వచ్చిందే అధికారిక సమాచారంగా చెలామణీ అవుతుంది. అన్నీ తెలిసినట్టు మాట్లాడితే ఆర్నెల్ల తరవాత ఆ మాటే ఆయనకు ఎదురు తిరుగుతుంది.

ఇలాంటి పరిస్థితికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఈ బ్యాంకును, మంగళూరు కేంద్రంగా ఉన్న కార్పొరేషన్ బ్యాంకును ముంబయిలోని యూనియన్ బ్యాంకులో కలుపుతున్నట్టు ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2019 ఆగస్టు 30న ప్రకటించారు. విలీనం అమల్లోకి వచ్చింది 2020 ఏప్రిల్ 1న. ఉద్యోగుల షరతులతో సహా విలీన పథకాన్ని ప్రభుత్వం నోటిఫై చేసింది మార్చి 4న. అంటే విలీనం ఖాయమని తెలిసి, దాని వివరాలు తెలియకుండా ఉద్యోగులు ఆరు నెలలకు పైగా గడిపారు. ఆ మధ్యలో అక్టోబరు 22న రెండు ఉద్యోగ సంఘాలు విలీనాలకు వ్యతిరేకంగా దేశవ్యాప్త సమ్మె చేశాయి. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిశాక దగ్గర దగ్గరగా ఉన్న శాఖలను ఒకటి చేసిన సంగతి అందరికీ గుర్తుంది. కాబట్టి భయం గాలిలోంచి పుట్టింది కాదు.

ఆ ఆరు నెలల్లో ఒక శాఖలో మేనేజరు ఏం చెప్పగలడు, ఏం చెప్పలేడు అన్నది ఊహించి చూద్దాం. కోస్తాలోని ఓ మోస్తరు పట్టణం. శాఖలో మేనేజరు కాక ఇద్దరు ఆఫీసర్లు, హెడ్ క్యాషియర్, అయిదుగురు క్లర్కులు, ఇద్దరు సబ్ స్టాఫ్. బంగారం లోన్ల కోసం నగలు తూచి విలువ కట్టే అప్రైజరు కూడా రోజూ వస్తాడు. అదే రోడ్డు మీద, నడిచి వెళ్లే దూరంలో యూనియన్ బ్యాంకు శాఖ ఉంది. 2019 సెప్టెంబరులో ఒక సాయంత్రం క్యాష్ కట్టేశాక మేనేజరు అందరినీ పిలిచి మొదట తెలిసినదే చెబుతాడు:

“మన బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలుస్తుంది. ఇది ప్రభుత్వ ప్రకటన. బ్యాంకుల బోర్డులు ఒప్పుకోవాలి, పథకం నోటిఫై కావాలి, అప్పుడే చట్టప్రకారం పూర్తయినట్టు. ఏ తేదీ నుంచి అన్నది నాకింకా కాగితం మీద రాలేదు. విలీనం వల్ల ఒక్క ఉద్యోగమూ పోదని ఆర్థిక మంత్రి బయటికే చెప్పారు. అది వారి మాట. నేను దానికి కలిపేదీ లేదు, తీసేదీ లేదు. బదిలీలు ఉండవని మాత్రం ఎవరూ అనలేదు.”

ఈ నాలుగు ముక్కల్లో మేనేజరు చేసిన ముఖ్యమైన పని, ప్రతి మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం. ఉద్యోగాలు పోవన్న హామీ మంత్రిది. మేనేజరు తన నోటితో “మీ ఉద్యోగాలకు నాదీ హామీ” అని ఉంటే వినడానికి బాగుండేదే గాని, అలాంటి హామీ ఇచ్చే అధికారం ఆయనకు లేదు. హామీ ఎంతవరకు వర్తిస్తుందో కూడా చూడాలి. అప్రైజరు బ్యాంకు ఉద్యోగి కాడు, కమీషన్ మీద పనిచేసే మనిషి. మంత్రి చెప్పింది ఉద్యోగుల గురించి. “ఎవరికీ ఏమీ కాదు” అని గుండుగుత్తగా అనేస్తే గది మూలలో నిలబడ్డ ఆ ఒక్కడికీ లేని భరోసా ఇచ్చినట్టవుతుంది.

తరవాత తెలియనిది. ఇక్కడే చాలా ప్రకటనలు చెడిపోతాయి. “మిగతా వివరాలు తెలియగానే చెబుతాను” అని ఒక్క వాక్యంతో ముగించడం మామూలు. తెలియనిది ఎన్ని రకాలుగా ఉందో ఆ వాక్యం చెప్పదు. నిజానికి అందరూ లోపల అనుకుంటూ పైకి అడగలేకపోతున్న ప్రశ్నను మేనేజరే ముందుగా ఎత్తాలి:

“ఇదే రోడ్డు మీద వాళ్ల శాఖ ఉంది. రెంటిలో ఒకటి మూస్తారా అన్నది నాకు తెలియదు. నాకు తెలిసినంతలో జోనల్ ఆఫీసుకూ తెలియదు. విలీనం అయ్యాక, రెండు శాఖల డిపాజిట్లు, లోన్లు, అద్దెలు చూసుకుని కొత్త బ్యాంకు యాజమాన్యం తేల్చాల్సిన విషయం అది. కాబట్టి అంతకుముందే ఎవరైనా మూసేస్తారట అన్నా, మూయరట అన్నా, ఊహించి చెబుతున్నట్టే లెక్క. సీనియారిటీ కూడా అంతే. మూడు బ్యాంకుల జాబితాలు ఎలా కలుపుతారో నిర్ణయం కాలేదు.”

ఇలా చెప్పినప్పుడు “తెలియదు” అన్నదే పనికొచ్చే సమాచారం అవుతుంది. నిర్ణయం ఎవరి చేతిలో ఉందో, దేని తరవాత అది జరుగుతుందో తెలిస్తే రోజుకొక పుకారు వచ్చినా దాన్ని తూచుకునే రాయి దొరుకుతుంది. ముంబయిలో ఇంకా మొదలే కాని నిర్ణయం గురించి జిల్లాలో ఎవరో “నమ్మకంగా” చెబుతుంటే నమ్మనక్కర్లేదని క్లర్కు తనకు తానే తేల్చుకోగలుగుతాడు.

నిర్ణయం జరగనిది ఒకటి, నిర్ణయం జరిగినా మేనేజరుకు చేరనిది ఇంకొకటి. చేరినా చెప్పకూడనిది మూడోది. ఆంధ్రా బ్యాంకు షేర్లు స్టాక్ ఎక్స్చేంజిలో ఉండేవి. ఆ బ్యాంకు వెయ్యి షేర్లకు యూనియన్ బ్యాంకు షేర్లు 325 ఇస్తారన్న నిష్పత్తి 2020 మార్చిలో బయటికి వచ్చింది. షేరు ధరను కదిలించే ఇలాంటి సంగతులు బహిరంగం కాకముందు పొక్కించడాన్ని సెబీ 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు నిషేధిస్తాయి. శాఖ మేనేజరుకు అలాంటివి తెలియవు గాని, ప్రధాన కార్యాలయంలోని విభాగాధిపతికి తెలిసే అవకాశం ఉంది. అప్పుడు ఆయన “తెలియదు” అనకూడదు, “దీని గురించి మాట్లాడే వీలు లేదు” అనాలి. ఒకసారి తెలిసి తెలియదన్నాడని బయటపడితే, ఆ తరవాత ఆయన నిజంగానే తెలియక తెలియదన్నా ఎవరూ నమ్మరు.

ప్రకటన తరవాత వచ్చే ప్రశ్నలు ఇంకా కష్టం, ఎందుకంటే అవి సొంత బతుకు గురించి ఉంటాయి. ఒక క్లర్కు లేచి, “సార్, మా అమ్మాయి పదో తరగతి. బదిలీ ఇప్పుడే పెట్టుకుంటే మంచిదంటారా?” అని అడిగిందనుకుందాం. మేనేజరుకు ఒక అభిప్రాయం ఉండొచ్చు, కాని ఆయన నోటి నుంచి వస్తే అది అభిప్రాయంగా మిగలదు. “పాత నిబంధనల ప్రకారం మీకు ఎలాగూ బదిలీ అవసరమైతే పెట్టుకోండమ్మా, నేను పైకి పంపుతాను. విలీనానికి భయపడి మాత్రమే అయితే, దానివల్ల మేలో కీడో చెప్పేంత సమాచారం నా దగ్గర లేదు” అనడం నిజాయితీ. వినేవాళ్లకు అది కొంచెం చప్పగా ఉంటుంది, నిజమే.

ఇంత తెలియనితనాన్ని బయటపెడితే సిబ్బంది మరింత బెదిరిపోరా అన్నది మేనేజర్లకు సహజంగా వచ్చే సందేహం. దీన్ని పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. డేవిడ్ ష్వైగర్, ఏంజెలో డెనిసి అనే అమెరికా పరిశోధకులు 1991లో దాన్ని ప్రచురించారు. విలీనమవుతున్న ఒక కంపెనీకి చెందిన రెండు ఫ్యాక్టరీలను వాళ్లు ఎంచుకున్నారు. ఒకదానిలో విలీనం ప్రకటించి ఊరుకున్నారు. రెండోదానిలో వార్తాపత్రం, ప్రశ్నలడగడానికి ఫోను నంబరు, మేనేజరుతో తరచూ సమావేశాలు ఏర్పాటు చేసి, వచ్చే మార్పులను ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రకటన రాగానే రెండు చోట్లా ఆందోళన పెరిగింది. మొదటిచోట అది పెరుగుతూనే పోయింది. రెండోచోట ఆగింది. నిజం చెప్పడం వల్ల ఆందోళన మాయం కాలేదన్నది ఇక్కడ గమనించాలి. అదుపులో ఉంది, అంతే.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసింది ఒక్క ప్రకటన కాదు, దాన్ని పట్టి ఉంచిన ఏర్పాటు. అందుకే మన శాఖ మేనేజరు చివరగా ఒక రోజు చెప్పాలి: “ప్రతి శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు కూర్చుందాం. కొత్త సర్క్యులరేదీ రాకపోతే రాలేదనే చెబుతాను.” కబురు లేని శుక్రవారాన్ని ఎగ్గొట్టాలనే అనిపిస్తుంది. కాని సమావేశం తప్పిన వారమే, ఏదో తెలిసి దాస్తున్నాడన్న గుసగుస మొదలవుతుంది. చెప్పింది కాగితం మీద కూడా ఉండాలి. తెలిసినవి, తేలనివి, ఒక్కోటి తేల్చేదెవరు, అంతే, ఒక పేజీ చాలు. ఆ రోజు సెలవులో ఉన్న సబ్ స్టాఫ్‌కు రెండో మనిషి నోటినుంచి వేరే కథ చేరకుండా ఉంటుంది. “నా డిపాజిట్ సంగతేంటి, చెక్కుబుక్కు మారుతుందా” అని కౌంటరు దగ్గర ఖాతాదారులు అడిగినప్పుడు అందరూ ఒకే మాట చెప్పగలుగుతారు.

చెడ్డ వార్తను తీపిలో చుట్టి ఇవ్వడం ఎంత బెడిసికొడుతుందో చూడాలంటే 2014 జులైలో మైక్రోసాఫ్ట్‌లో పరికరాల విభాగం అధిపతి స్టీఫెన్ ఎలోప్ ఉద్యోగులకు రాసిన లేఖ ఉంది. సరదా పలకరింపుతో మొదలై, ఫోన్ల వ్యూహం గురించి పేరాలకు పేరాలు సాగి, ఎంతో కిందికి వెళ్తే గాని 12,500 మంది ఉద్యోగాలు పోతాయన్న మాట రాదు. పత్రికలు ఆ లేఖను చాలా రోజులు ఎగతాళి చేశాయి. వ్యూహం ముఖ్యం కాదని కాదు. తన ఉద్యోగం ఉందో లేదో తెలియని మనిషికి అది బుర్రకెక్కదు.

శాఖలో ప్రకటన సరిగ్గా చేరలేదనడానికి గుర్తులు తొందరగానే కనబడతాయి. సమావేశంలో ఒక్క ప్రశ్నా రాదు, పది నిమిషాల తరవాత టీ దుకాణం దగ్గర అందరూ మాట్లాడుతుంటారు. జోనల్ ఆఫీసులో తెలిసినవాళ్లకు ఫోన్లు పెరుగుతాయి. ఒకే విషయం మీద ముగ్గురు మూడు తేదీలు చెబుతారు. అప్పుడు మేనేజరు కొత్త భరోసా ఇవ్వకుండా పాత కాగితాన్నే తీసి, ఏది తేలిందో, ఏది తేలలేదో మళ్లీ చదవాలి.

ఆ కాగితం మీది వరసలు ఒకేసారి తీరవు. ఆంధ్రా బ్యాంకు విషయంలో జీతభత్యాలు పాతవాటికంటే తక్కువ కాకూడదన్నది 2020 మార్చి 4న పథకంతో తేలింది. బోర్డు మీద పేరు సంగతి ఏప్రిల్ 1తో తేలింది. కంప్యూటర్ వ్యవస్థలు పూర్తిగా కలిసేసరికి ఆ ఏడాది చివరికొచ్చింది. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారింది 2021 ఏప్రిల్ 1న. తేలిన ప్రతిదాన్నీ తేదీ వేసి, ఏ సర్క్యులరుతో తేలిందో రాసి కొట్టేస్తూ పోతే, మిగిలిన వరసల మీద సిబ్బందికి నమ్మకం కుదురుతుంది. ఒకే రోడ్డు మీద ఉన్న రెండు శాఖల ప్రశ్న బహుశా అన్నింటికంటే చివరిదాకా ఉంటుంది. అది తేలే నాటికి మేనేజరే బదిలీ అయిపోయి ఉండొచ్చు కనుక, కుర్చీ అప్పగించేటప్పుడు ఆ పేజీని కూడా తరవాతి మేనేజరుకు అప్పగించాలి.