సీడీ మీద ఎరుపు, ఊదా ఎందుకు కలిసిపోతాయి?

పాత సీడీ మీద పక్కపక్క గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే 1600 నానోమీటర్లు. వరుసగా ఉండే ఈ గాడుల వల్లే అది ఒక గ్రేటింగ్‌లా పనిచేసి తెల్లని కాంతిని రంగులుగా విడదీస్తుంది. అయితే కొన్ని దిక్కుల్లో చూస్తే ఎరుపు, ఊదా ఒకే చోట కలిసిపోయి ఉంటాయి.

కాంతి ఏటవాలుగా పడితే ఒక గాడిని చేరాక, పక్క గాడిని చేరడానికి అది మరికొంత దూరం వెళ్లాలి. తిరిగి బయటికి వచ్చేటప్పుడూ అలాంటి తేడాయే వస్తుంది. ఈ రెండూ కలిసిన మొత్తం తరంగదైర్ఘ్యానికి సరిగ్గా ఒకటి, రెండు, మూడు రెట్లయిన దిక్కులోనే ఆ రంగు వెలుగుతుంది. సూత్రం ఇది:

d(sin i + sin θ) = nλ

ఇందులో d గాడుల మధ్య దూరం, i కాంతి పడే కోణం, θ బయటికి వచ్చే కోణం, λ తరంగదైర్ఘ్యం, n క్రమ సంఖ్య. కోణాలను సీడీకి నిలువుగా ఉన్న గీత నుంచి కొలవాలి. దీపం ఉన్న వైపు కోణం ధనాత్మకం, అవతలి వైపు రుణాత్మకం.

కాంతి 30 డిగ్రీల వాలులో పడిందనుకుందాం. లోపలికి వచ్చేటప్పుడే 800 నానోమీటర్ల తేడా వచ్చేస్తుంది. దీపం వైపే సుమారు 18 డిగ్రీల దగ్గర చూస్తే బయటికి వచ్చేటప్పుడు మరో 500 చేరి మొత్తం 1300 అవుతుంది. 1300 అంటే 650కి రెండు రెట్లు, 433కి దాదాపు మూడు రెట్లు. కాబట్టి రెండో క్రమపు ఎరుపు, మూడో క్రమపు ఊదా ఒకే దారిన కంటికి చేరతాయి.

సీడీని తిప్పి కాంతిని నిటారుగా పడనిస్తే ఈ జంట విడిపోతుందా? విడిపోదు. రెండూ కలిసే 54 డిగ్రీల దగ్గరికి జరుగుతాయి. కలయికను నిర్ణయించేది కోణం కాదు, nλ విలువే. కంటికి కనిపించే కాంతి 400 నుంచి 700 నానోమీటర్లు అనుకుంటే మొదటి క్రమం 700 దగ్గర ముగుస్తుంది, రెండోది 800 దగ్గర మొదలై 1400 వరకు సాగుతుంది. మూడోది 1200 దగ్గరే మొదలవుతుంది. అందుకే మొదటి క్రమం శుభ్రంగా ఉంటుంది, రెండో దాని చివరి భాగం మూడో దానితో కలిసిపోతుంది.

వాలు వల్ల చిక్కు ఇంకా పెరుగుతుంది. నిటారు కాంతికి nλ 1600 దాటదు. 30 డిగ్రీల వాలులో అది 2400 దాకా పోతుంది. దాంతో మూడో క్రమం పూర్తిగా బయటపడుతుంది, నాలుగోది వచ్చి దాని మీద పడుతుంది.

కలయిక ఉందో లేదో తేల్చడానికి కంటి ముందు ఎర్రగాజు పెట్టి చూడండి. ఊదా పోయి ఎరుపు మిగిలితే అక్కడ రెండు క్రమాలు కలిశాయన్నమాట. వర్ణపటమాపకాల్లోనూ ఇలాగే ఫిల్టర్లు వాడతారు. తెల్లని కాంతితో ప్రయోగం చేసే విద్యార్థి కోణంతో పాటు క్రమ సంఖ్యనూ రాసుకోవాలి. అది తెలియకుండా కోణం ఒక్కటే తరంగదైర్ఘ్యాన్ని చెప్పలేదు.