న్యుమోనియా: ఇంట్లోనా, ఆసుపత్రిలోనా?

ఇద్దరు రోగులు ఒకే రోజు ఒకే డాక్టరు దగ్గరికి వచ్చారనుకుందాం. ఒకరు 42 ఏళ్ల ఆటో డ్రైవరు, మరొకరు 68 ఏళ్ల రైతు. ఇద్దరికీ నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు, గట్టిగా గాలి పీలిస్తే కుడి డొక్కలో పోటు. ఎక్స్‌రే తీస్తే ఇద్దరికీ కుడి ఊపిరితిత్తి కింది భాగంలో ఒకేలాంటి తెల్లటి మచ్చ. ఇద్దరిదీ న్యుమోనియానే. డ్రైవరుకు మాత్రలు రాసి ఇంటికి పంపిన డాక్టరు, రైతును మాత్రం ఆసుపత్రిలో చేరమన్నారు. ఆ మచ్చ ఒకటే అయినప్పుడు నిర్ణయం ఎందుకు వేరైంది?

ఎక్స్‌రే జబ్బు ఎక్కడుందో చెబుతుంది. ఆ జబ్బును శరీరం ఎంతవరకు తట్టుకుంటోందో చెప్పదు. న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని సన్నని గాలిగదులు చీముతో, నీరుతో నిండిపోతాయి. అక్కడ గాలి ఆడదు కాబట్టి రక్తానికి ఆక్సిజన్ సరిగా అందదు. ఆ లోటు పూడ్చుకోవడానికి మనిషి వేగంగా ఊపిరి తీస్తాడు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకితే బీపీ పడిపోతుంది, మూత్రపిండాలు మందగిస్తాయి, మెదడు మసకబారుతుంది. డాక్టరు వెతికేది ఈ గుర్తులనే.

పెద్దవాళ్లలో ఐదు ప్రశ్నలు

ఈ గుర్తులను ఒక లెక్కగా కూర్చిన పద్ధతి 2003లో వచ్చింది. దాని పేరు కర్బ్-65. ఇందులో ఉన్నవి ఐదు ప్రశ్నలు. మనిషి కొత్తగా తికమకపడుతున్నాడా? రక్తంలో యూరియా పెరిగిందా? నిమిషానికి ఊపిరి 30 సార్లు, అంతకంటే ఎక్కువగా ఉందా? బీపీ పై అంకె 90 కంటే తక్కువగా గానీ, కింది అంకె 60 లేదా అంతకు తక్కువగా గానీ ఉందా? వయసు 65 నిండిందా? ‘అవును’ అన్న ప్రతి జవాబుకూ ఒక మార్కు.

మార్కులు సున్నా లేదా ఒకటి అయితే సాధారణంగా ఇంట్లోనే వైద్యం చేయవచ్చు. రెండు వస్తే ఆసుపత్రిలో పెట్టి చూడాలి. మూడు, ఆ పైన వస్తే పరిస్థితి తీవ్రం, ఐసీయూ అవసరమా అని కూడా ఆలోచించాలి.

మన ల్యాబ్ రిపోర్టుల్లో ఒక చిక్కుంది. కొన్నిచోట్ల ‘బ్లడ్ యూరియా’ అని ఇస్తారు, దానికి గీత దాదాపు 42 మిల్లీగ్రాములు. మరికొన్నిచోట్ల ‘బీయూఎన్’ అని ఇస్తారు, దానికి గీత దాదాపు 20. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే లెక్క తప్పుతుంది. రిపోర్టులో 30 అని ఉంటే, అది బ్లడ్ యూరియా అయితే ఫరవాలేదు, బీయూఎన్ అయితే ఒక మార్కు పడుతుంది.

ఇప్పుడు మన ఇద్దరినీ లెక్క వేద్దాం. డ్రైవరు తెలివిగా మాట్లాడుతున్నాడు. ఊపిరి నిమిషానికి 24, బీపీ 120/80, బ్లడ్ యూరియా 28. మార్కులు సున్నా. వేలికి పెట్టిన ఆక్సిమీటర్ 97 చూపిస్తోంది, మాత్రలు వాంతి కావడం లేదు, ఇంట్లో చూసుకోవడానికి భార్య ఉంది. అందుకే అతను ఇంటికి వెళ్లగలిగాడు. రైతు కూడా స్పష్టంగానే మాట్లాడుతున్నాడు, బీపీ 110/70, యూరియా 38. కానీ ఊపిరి నిమిషానికి 32, దానికి ఒక మార్కు. వయసుకు ఇంకొకటి. మొత్తం రెండు. పైకి నిబ్బరంగానే కనిపించినా ఆయన శరీరం అప్పటికే కష్టపడుతోంది.

ఈ లెక్కకు హద్దులున్నాయి. ఇందులో ఆక్సిజన్ ప్రస్తావనే లేదు. 30 ఏళ్ల యువకుడికి ఆక్సిజన్ 86కు పడిపోయినా మార్కులు సున్నాయే రావచ్చు. అయినా అతన్ని ఇంటికి పంపకూడదు. గర్భిణి, డయాలసిస్ రోగి, మందులు కడుపులో నిలవనివారు, ఒంటరిగా ఉండే వృద్ధులు, వీళ్ల విషయంలో మార్కుల కన్నా డాక్టరు విచక్షణే ముఖ్యం. ముసలివాళ్లలో ఒక్కోసారి జ్వరమూ దగ్గూ పెద్దగా ఉండవు. నిన్నటిదాకా బాగున్న తాతగారు ఈరోజు పొంతన లేకుండా మాట్లాడుతుంటే దాన్ని వయసు మీదకు నెట్టేయకుండా చూపించాలి.

పిల్లల్లో ఊపిరి లెక్క

పసిపిల్లలకు ఈ మార్కులు వర్తించవు. వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క వేరు. నిమిషానికి ఊపిరి రెండు నెలల లోపు శిశువుకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే వేగంగా ఉన్నట్టు. కాబట్టి నిమిషానికి 46 అన్న అంకె ఎనిమిది నెలల పాపకు మామూలే, పద్నాలుగు నెలల బాబుకు మాత్రం హెచ్చరిక.

లెక్కించే తీరు సరిగా ఉండాలి. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. చొక్కా పైకెత్తి, పొట్ట పైకి లేచిన ప్రతిసారీ ఒకటిగా, గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పిల్లల ఊపిరి ఒక్క తీరుగా నడవదు, అందుకే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గాక మళ్లీ లెక్కపెట్టాలి. పిల్లికూతలు వినిపిస్తే డాక్టరు ముందు గాలిగొట్టాలు వదులయ్యే మందు పీల్పించి, మళ్లీ లెక్కపెడతారు. ఎందుకంటే అది న్యుమోనియా కాక ఉబ్బసం కావచ్చు.

రెండో గుర్తు మన అమ్మమ్మలకు తెలిసిందే: డొక్కలు ఎగరేయడం. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింది భాగం బయటికి రావాల్సింది పోయి లోపలికి గుంట పడుతుంది. ఒకప్పుడు ఇది కనిపిస్తే నేరుగా ఆసుపత్రే. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ నియమాన్ని సడలించింది. రెండు నెలలు దాటిన బిడ్డకు ఇతర ప్రమాద సూచనలేవీ లేకపోతే, డాక్టరు పరీక్షించాక అమాక్సిసిలిన్ మందుతో ఇంట్లో వైద్యం చేయవచ్చని చెప్పింది. అయితే ఆక్సిజన్ బాగుండాలి, మళ్లీ చూపించడానికి వీలుండాలి.

ఆ ప్రమాద సూచనలు ఇవి: బిడ్డ పాలు, నీళ్లు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవని మగత, పెదవులు నీలబడటం, ఊపిరి తీస్తుంటే మూలగడం, ఆక్సిజన్ 90 కంటే తగ్గడం. బాగా బక్కచిక్కిన బిడ్డకు కూడా ముప్పు ఎక్కువ. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆసుపత్రే. రెండు నెలల లోపు శిశువుకైతే ఊపిరి వేగం ఒక్కటి పెరిగినా చాలు, ఇంటివైద్యం మాటే లేదు.

ఇంటికి పంపాక

ఇంటికి పంపడమంటే వదిలేయడం కాదు. 48 గంటల నుంచి మూడు రోజుల లోపు మళ్లీ చూపించాలి. అప్పటికి జ్వరం తగ్గుముఖం పట్టాలి, ఊపిరి నెమ్మదించాలి, తిండి సహించాలి. దగ్గు, నీరసం కొన్ని వారాలు ఉంటాయి, ఎక్స్‌రేలో మచ్చ పోవడానికీ వారాలు పట్టవచ్చు. వాటిని చూసి మందు పనిచేయలేదని కంగారుపడి, ఇంకో యాంటీబయాటిక్ కొని వేసుకోకండి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో మానేయకండి. దగ్గుమందు సీసా న్యుమోనియాను నయం చేయదు, బిడ్డ పొట్ట మీద వాతలు పెడితే పుండ్లే మిగులుతాయి.

దగ్గు, జ్వరం ఉన్న మనిషిని చూపించడానికి వెళ్లేముందు ఒక్క నిమిషం పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టి, ఆ అంకెను కాగితం మీద రాసుకోండి. డాక్టరు మళ్లీ లెక్కపెడతారు. రెండు రోజుల తర్వాత జబ్బు తగ్గుతోందో పెరుగుతోందో చెప్పేది ఈ రెండు అంకెల మధ్య తేడానే. ఊపిరి అందక మాట మధ్యలో తెగుతున్నా, పెదవులు నీలబడినా మాత్రం లెక్కలు పెడుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.