తెరకో బొమ్మ, దారికో బొమ్మ

డాక్టరు అపాయింట్‌మెంట్లు ఇచ్చే మొబైల్ యాప్ ఒకటి తయారవుతోందనుకుందాం. సైనప్ చాలా మామూలుది. ఫోన్ నంబరు కొట్టాలి, దానికి వచ్చిన ఆరంకెల ఓటీపీ వెయ్యాలి, చివర పేరు చెప్పాలి. కోడ్ మొదలుపెట్టక ముందే దీనికి రెండు బొమ్మలు గీస్తారు. ఒకటి వైర్‌ఫ్రేమ్, రెండోది యూజర్ ఫ్లో. రెండింటిలోనూ పెట్టెలూ గీతలే కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లు ఒకదాని పేరుతో ఇంకోదాన్ని పిలిచేస్తుంటారు.

ఏది ఏదో తెలియాలంటే పెట్టె దేన్ని చూపిస్తోందో అడగాలి. వైర్‌ఫ్రేమ్‌లో పెద్ద పెట్టె ఫోన్ తెర. లోపలి పెట్టెలు తెర మీది వస్తువులు. లోగో రావాల్సిన చోట ఇంటూ గుర్తు కొట్టిన చదరం ఉంటుంది. దాని కింద ‘+91’తో మొదలయ్యే నంబరు గడి, ఆ కింద ‘ఓటీపీ పంపండి’ అనే బటన్. రంగులు మాత్రం కావాలనే వెయ్యరు. వేస్తే మీటింగంతా నీలం ముదురా లేతా అన్న చోటే ఆగిపోతుంది.

యూజర్ ఫ్లోలో పెట్టె అంటే వాడేవాడు వేసే ఒక అడుగు. ‘నంబరు కొట్టాడు’ అన్నది ఒక పెట్టె, ‘ఓటీపీ వేశాడు’ అన్నది ఇంకొకటి. వాటిని బాణాలు కలుపుతాయి. నడుమ డైమండ్ ఆకారం వస్తే అక్కడో ప్రశ్న ఉందని అర్థం: ఓటీపీ సరిపోయిందా? అవునంటే ఒక బాణం, కాదంటే ఇంకో బాణం. లోగో పైనుందా కిందుందా అన్నది ఈ బొమ్మకి అక్కర్లేదు.

ఇంతవరకూ తేలికే. ఒక డైమండ్‌ని మాత్రం కాస్త ఆగి చూడాలి. ‘ఈ నంబరుకి ఇదివరకే ఖాతా ఉందా?’ అన్న ప్రశ్నని ఎక్కడ పెట్టాలి?

నంబరు కొట్టగానే పెట్టామనుకోండి. ఖాతా ఉంటే వెంటనే ‘మీకు ఖాతా ఉంది, లాగిన్ అవ్వండి’ అని వస్తుంది. సౌకర్యంగానే ఉంటుంది. కానీ పక్కింటాయన నంబరు నేను కొట్టినా అదే జవాబొస్తుంది. ఆయన ఆ యాప్‌లో ఉన్నాడని నాకు తెలిసిపోతుంది. అది మానసిక వైద్యుల యాప్ అయితే? అదే ప్రశ్నని ఓటీపీ తర్వాతకి జరిపితే, ఫోన్ చేతిలో ఉన్నవాడికే జవాబు తెలుస్తుంది. పాతవాడైతే నేరుగా లోపలికి, కొత్తవాడైతే పేరు అడిగే తెరకి వెళతాడు. నంబరు తెర, ఓటీపీ తెర, వాటి వైర్‌ఫ్రేములు రెండు పద్ధతుల్లోనూ ఒకేలా ఉండొచ్చు. గోప్యత ఎక్కడ జారిపోయిందో ఫ్లో గీస్తే తప్ప కనబడదు.

ఫ్లోకి కనబడనిదీ ఒకటుంది. ఓటీపీ తెరలో వేలు పెట్టగానే అంకెల కీబోర్డు లేచి తెర కిందిభాగాన్ని కప్పేస్తుంది. బటన్ అట్టడుగున ఉంటే మాయమైపోతుంది. ఫ్లోలో ఆ అడుగు సక్రమంగానే ఉంటుంది, బాణమూ ముందుకే పోతుంది, మనిషి మాత్రం బటన్ వెతుక్కుంటూ ఆగిపోతాడు. అందుకే ఓటీపీ తెరకి కీబోర్డు లేచినప్పటిది, తప్పు ఓటీపీ వేసినప్పటిది, గడువు దాటినప్పటిది వేర్వేరు వైర్‌ఫ్రేములు గీస్తారు. ఫ్లోలో ఒక్క పెట్టె, ఇక్కడ మూడు నాలుగు బొమ్మలు.

వైర్‌ఫ్రేముల్ని వరసగా పేర్చి బాణాలతో కలిపేదాన్ని వైర్‌ఫ్లో అంటారు. మంచి పద్ధతే. అయితే చాలాసార్లు అన్నీ సవ్యంగా జరిగిన దారి ఒక్కటే గీసి, ఫ్లో అయిపోయిందనుకుంటారు. పదంకెల్లో ఒక అంకె తప్పు కొట్టినవాడి సంగతి చూడండి. పదంకెలూ ఉన్నాయి కాబట్టి యాప్ ఒప్పుకుంటుంది, ఓటీపీ ఎవరికో పోతుంది. వీడు ఓటీపీ తెర ముందు కూర్చుని ‘మళ్లీ పంపండి’ నొక్కుతూనే ఉంటాడు. ‘ఓటీపీ వచ్చిందా?’ అని డైమండ్ గీసి, ‘రాలేదు’ వైపు బాణాన్ని చివరిదాకా లాగితే, అది నంబరు తెరకి తిరిగి వెళ్లాలని తేలుతుంది. అప్పుడు వైర్‌ఫ్రేమ్ దగ్గరికొచ్చి, పంపిన నంబరుని ఓటీపీ తెర మీద చూపించి, పక్కనే ‘నంబరు మార్చండి’ అని చేరుస్తారు. నా మట్టుకు, ఈ ఒక్క మాట లేని సైనప్ పూర్తయినట్టు కాదు.

మీ దుకాణానికో క్లినిక్కుకో యాప్ చేయించుకుంటుంటే రెండు బొమ్మలూ అడగండి. ఫ్లో అని ఇచ్చిన కాగితంలో ఒక్క డైమండ్ కూడా లేకపోతే, గీసినాయనకే తిరిగిచ్చేయండి.